ఆకుపచ్చ టిక్కు వెనక రెండో మనిషి ఉన్నారా?

బ్యాంకు శాఖలో డబ్బు దాచే గదికి రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి క్యాషియర్ దగ్గర, రెండోది ఆఫీసర్ దగ్గర ఉంటుంది. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. దీన్నే జాయింట్ కస్టడీ అంటారు. కంప్యూటర్లో వేసే ఎంట్రీలకూ ఇదే పద్ధతి. ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు తమ సొంత లాగిన్‌తో దాన్ని చూసి పాస్ చేస్తారు. మొదటివారు మేకర్, రెండోవారు చెకర్. బ్యాంకులో పనిచేసిన ఎవరికైనా ఈ రెండు మాటలు నోటికొచ్చినవే.

ఇప్పుడు డబ్బు కదిలేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వల్లే. ఒక ఎంట్రీని ఇద్దరు చూడాలన్నప్పుడు, రోజుకు లక్షల ఎంట్రీలు వేసే కోడ్‌ని ఒక్కరే మార్చేస్తే కుదరదు కదా. అందుకే బ్యాంకుల్లో కోడ్ మార్పుకూ ఇద్దరి నియమం వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ 2023 నవంబర్‌లో ఐటీ గవర్నెన్స్‌పై ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సిస్టమ్‌లలో మార్పులు ఎలా చేయాలో రాతపూర్వక పద్ధతి ఉండాలని అది అడుగుతుంది. కార్డుల డేటా భద్రతకు పాటించే పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం ఇంకాస్త సూటిగా చెబుతుంది. కోడ్‌ని మనుషులు రివ్యూ చేసేటప్పుడు, రాసినవారు కాకుండా ఆ పని తెలిసిన మరొకరు చూడాలి, విడుదలకు ముందే ఆమోదం ఉండాలి.

పుల్ రిక్వెస్ట్‌తో ఈ నియమం చక్కగా సరిపోతుంది. పుల్ రిక్వెస్ట్ తెరిచినవారు మేకర్, అప్రూవ్ చేసినవారు చెకర్. గిట్‌హబ్‌లో మెయిన్ బ్రాంచ్‌కి `Require approvals` అనే సెట్టింగ్ పెడితే, ఇంకొకరు అప్రూవ్ చేసేదాకా మెర్జ్ బటన్ పనిచేయదు. తన పుల్ రిక్వెస్ట్‌ని తానే అప్రూవ్ చేసుకోవడాన్ని గిట్‌హబ్ ఎలాగూ ఒప్పుకోదు. చాలా టీములు ఇక్కడితో పని అయిపోయిందనుకుంటాయి. ఆడిటర్ వచ్చినప్పుడు ఆ సెట్టింగ్ స్క్రీన్‌షాట్ తీసి ఇస్తాయి.

ఆ స్క్రీన్‌షాట్ చెప్పేది ఒక్కటే: ఫొటో తీసిన క్షణంలో తలుపుకి రెండు తాళాలున్నాయని. ఏడాది పొడుగునా ఆ తలుపు ఎప్పుడెప్పుడు ఎలా తెరుచుకుందో అది చెప్పదు. సెట్టింగ్‌ని పది నిమిషాలు తీసేసి మళ్లీ పెట్టి ఉండొచ్చు. అడ్మిన్లకు మినహాయింపు ఉండి ఉండొచ్చు. అందుకే మెర్జ్ అయిపోయిన మార్పులను తర్వాత మళ్లీ తనిఖీ చేసే పర్యవేక్షణ కావాలి. అది సరిగ్గా జరగాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: లెక్క ఎటువైపు నుంచి మొదలుపెట్టాలి?

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ కుంభకోణం చూపించింది. ముంబై బ్రాడీ హౌస్ శాఖ నుంచి విదేశీ బ్యాంకులకు హామీలు, బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ నెట్‌వర్క్ సందేశాలుగా వెళ్లాయి. బ్యాంకు అసలు లెక్కలుండే కోర్ బ్యాంకింగ్ సిస్టమ్‌లో మాత్రం వాటికి ఎంట్రీలు లేవు. ఆ రెండు సిస్టమ్‌లూ ఒకదానికొకటి కలిపి లేవు. నష్టం 13,000 కోట్ల రూపాయలు దాటింది. స్విఫ్ట్ దుర్వినియోగం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని రిజర్వ్ బ్యాంక్ 2018 ఫిబ్రవరిలో ప్రకటించింది.

ఇక్కడ గమనించాల్సింది ఇది. కోర్ బ్యాంకింగ్‌లో ఉన్న ఎంట్రీలను ఒక్కొక్కటే తీసి, ప్రతిదానికీ మేకర్, చెకర్ ఉన్నారా అని ఎంత శ్రద్ధగా చూసినా ఈ మోసం దొరకదు. ఎందుకంటే తప్పు జరిగినవి ఆ జాబితాలోనే లేవు. బయటికి వెళ్లిన సందేశాల వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కోదానికీ లోపల ఎంట్రీ ఉందా అని అడిగి ఉంటే మొదటి రోజే బయటపడేది.

కోడ్ దగ్గర ఇదే పొరపాటు తరచూ జరుగుతుంది. పర్యవేక్షణ స్క్రిప్టు రాసేవారు సహజంగానే మెర్జ్ అయిన పుల్ రిక్వెస్టుల జాబితాతో మొదలుపెడతారు. ప్రతిదానికీ అప్రూవల్ ఉందా అని చూస్తారు. నూటికి నూరూ పాస్ అని రిపోర్టు వస్తుంది. కానీ ఎవరో పుల్ రిక్వెస్ట్ తెరవకుండా నేరుగా మెయిన్‌లోకి పుష్ చేసిన మార్పు ఆ నూటిలో లేనే లేదు. ఆడిటర్ శాంపిల్‌గా ఓ పాతిక తీసుకున్నా ఆ జాబితాలోంచే తీసుకుంటారు కాబట్టి వారికీ కనపడదు.

అందుకని మెయిన్ బ్రాంచ్‌లో ఉన్న కమిట్లతో మొదలుపెట్టాలి. పుల్ రిక్వెస్టుల దగ్గరికి ఆ తర్వాత వెళ్లాలి.

```
git log --first-parent --format='%H %cI' origin/main
gh api repos/OWNER/REPO/commits/SHA/pulls
```

మొదటి కమాండ్ మెయిన్‌లోకి వచ్చిన ప్రతి మార్పునీ వరసగా ఇస్తుంది. రెండోది ఒక్కో కమిట్‌కీ దాని పుల్ రిక్వెస్ట్ ఏదో చెబుతుంది. ఖాళీ జాబితా వస్తే ఆ కమిట్ నేరుగా వచ్చినట్టు. రోజు చివర క్యాష్ టాలీ చేసినట్టే, నిన్నటి కమిట్ నుంచి ఇవాళ్టి కమిట్ వరకు ఎన్ని వచ్చాయో అన్నిటికీ జవాబు దొరకాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ రోజు లెక్క ముగిసినట్టు కాదు.

పుల్ రిక్వెస్ట్ దొరికింది కదా అని ఊరుకోవడానికీ లేదు. మెయిన్‌లోకి పుష్ చేసే ప్రత్యేక హక్కున్న వ్యక్తి, ఇంకా అప్రూవ్ కాని పుల్ రిక్వెస్ట్‌లోని కమిట్లనే తన కంప్యూటర్ నుంచి నేరుగా మెయిన్‌కి పుష్ చేశారనుకుందాం. ఆ కమిట్లు మెయిన్‌లో కనపడగానే గిట్‌హబ్ ఆ పుల్ రిక్వెస్ట్‌ని తనంతట తానే `Merged` అని మార్చేస్తుంది. ఊదా రంగు గుర్తు చూస్తే అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టుంటుంది. అప్రూవల్ మాత్రం ఒక్కటీ ఉండదు.

పుల్ రిక్వెస్ట్ 412

అప్రూవల్ ఉన్నచోట కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. రెండో మనిషి చూసిందీ, మెర్జ్ అయిందీ ఒకటేనా? దీన్ని దగ్గర నుంచి చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నెఫ్ట్‌లో 2019 డిసెంబర్ 16 నుంచి రాత్రింబవళ్లు అరగంటకో బ్యాచ్ నడుస్తోంది. ఒక బ్యాంకులో, బ్యాచ్‌కి జవాబు రాకపోతే చెల్లింపును మళ్లీ పంపే కోడ్ ఉంది. దాన్ని సరిచేయడానికి `dev-a` మంగళవారం ఉదయం 11:20కి 412 నంబరు పుల్ రిక్వెస్ట్ తెరిచారు. మూడు ఫైళ్లు, అరవై చిల్లర లైన్లు. మధ్యాహ్నం 2:05కి `dev-b` శ్రద్ధగా చదివి అప్రూవ్ చేశారు. 2:40కి `dev-a` ఇంకో కమిట్ పుష్ చేశారు, మెసేజ్ "fix test". 2:52కి తనే మెర్జ్ బటన్ నొక్కారు. ఇందులో నియమానికి విరుద్ధమని బటన్ ఎక్కడా ఆపలేదు. పేజీలో ఆకుపచ్చ టిక్కు అలాగే ఉంది.

పర్యవేక్షణ స్క్రిప్టు ఇలా అడుగుతుంది:

```
gh api repos/OWNER/REPO/pulls/412/reviews \
  --jq '.[] | [.user.login, .state, .commit_id] | @tsv'
gh api repos/OWNER/REPO/pulls/412 --jq '.head.sha'
```

మొదటిదానికి జవాబు `dev-b`, `APPROVED`, `7c1e9a4`. రెండోదానికి `b83d0f2`. అంటే రెండో మనిషి చూసింది ఒక కమిట్, మెర్జ్ అయింది ఇంకొకటి. రెండిటి మధ్య తేడా ఏమిటో చూస్తే ఒకటే లైను:

```
-    if attempts >= 3 or already_sent(ref):
+    if attempts >= 3:
         return
```

ఆ చెల్లింపు ఇదివరకే వెళ్లిందా అని చూసే భాగం పోయింది. దురుద్దేశం ఏమీ లేదు. టెస్టులో ఆ భాగం ఫెయిల్ అవుతోంది. సాయంత్రం రిలీజ్ ఉందన్న టెన్షన్‌లో ప్రస్తుతానికి తీసేసి, తర్వాత పెడదామనుకున్నారు. కానీ అవతలి వైపు నుంచి జవాబు ఆలస్యమైన ప్రతిసారీ అదే చెల్లింపు రెండోసారి వెళ్తుంది. `dev-b` చదివిన కోడ్‌లో ఈ ప్రమాదం లేదు, కాబట్టి వారిని తప్పుపట్టడానికీ లేదు. ఈ మార్పుకి చెకరే లేరు.

దీన్ని ముందే ఆపడానికి గిట్‌హబ్‌లో సెట్టింగ్ ఉంది: `Dismiss stale pull request approvals when new commits are pushed`. అది ఆన్‌లో ఉంటే 2:40కే టిక్కు పోయేది. చాలా టీములు దీన్ని ఆఫ్ చేసి పెడతాయి. చిన్న మార్పుకి కూడా మళ్లీ అప్రూవల్ కోసం తిరగాల్సి వస్తుందని చిరాకు. ఆ చిరాకు నిజమే, కానీ డబ్బు కదిపే రిపాజిటరీలో దానికి విలువ ఇవ్వకూడదు.

ఈ తనిఖీ పెట్టాక మొదటి వారంలోనే ఒక ఇబ్బంది వస్తుంది. అప్రూవల్ అయ్యాక కొందరు `Update branch` నొక్కి మెయిన్‌లోని కొత్త మార్పులను తమ బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటారు. వారు రాసిన కోడ్ మారలేదు, కానీ చివరి కమిట్ మారింది. స్క్రిప్టు వీటన్నిటినీ తప్పుగా చూపిస్తుంది. రోజుకు ముప్పై తప్పుడు హెచ్చరికలొస్తే, వాటి మధ్య 412 ఉన్నా ఎవరూ చూడరు. కాబట్టి కమిట్ నంబర్లు వేరైనప్పుడు అసలు మార్పు కూడా వేరేనా అని మరో మెట్టు చూడాలి. `M` అనేది మెయిన్‌లోకి చేరిన మెర్జ్ కమిట్ అనుకుంటే:

```
git diff M^1...7c1e9a4 | git patch-id --verbatim
git diff M^1...b83d0f2 | git patch-id --verbatim
```

రెండు ఐడీలూ ఒకటే అయితే మార్పు అదే, వదిలేయొచ్చు. వేరైతే మనిషి చూడాలి. `--verbatim` ఎందుకంటే, మామూలుగా `patch-id` లైను నంబర్లతో పాటు ఖాళీలనూ లెక్కలోకి తీసుకోదు. పైథాన్‌లో, యామల్ ఫైళ్లలో నాలుగు ఖాళీలు జరిపితే అర్థమే మారిపోతుంది. అక్కడ ఖాళీలను వదిలేసే పోలిక పనికిరాదు.

రెండో లాగిన్, రెండో మనిషి

నియమం అడిగేది ఇద్దరు మనుషులను. గిట్‌హబ్‌కి తెలిసింది రెండు లాగిన్లు. ఈ రెండిటి మధ్య సందు చిన్నది కాదు.

లైబ్రరీ వెర్షన్లు పెంచే బాట్ ఒక పుల్ రిక్వెస్ట్ తెరిచిందనుకుందాం. ఒక డెవలపర్ అదే బ్రాంచ్‌లోకి తన కమిట్ ఒకటి పుష్ చేసి, తర్వాత తనే అప్రూవ్ చేశారు. గిట్‌హబ్ లెక్కలో పుల్ రిక్వెస్ట్ తెరిచింది బాట్, అప్రూవ్ చేసింది మనిషి, ఇద్దరూ వేరు. నిజానికి కోడ్ రాసిందీ ఒప్పుకున్నదీ ఒక్కరే. `Require approval of the most recent reviewable push` అనే సెట్టింగ్ ఇలాంటివాటికోసమే ఉంది. చివరిగా పుష్ చేసినవారు కాకుండా వేరొకరు అప్రూవ్ చేయాలని అది పట్టుబడుతుంది. కానీ చివరి పుష్ గురించి మాత్రమే అది అడుగుతుంది. పర్యవేక్షణ ఇంకొంచెం కఠినంగా ఉండాలి. ఆ పుల్ రిక్వెస్ట్‌లో ఒక్క కమిట్ రాసినా, ఒక్కసారి పుష్ చేసినా, సహ రచయితగా పేరున్నా వారిని మేకర్ కింద లెక్కపెట్టాలి. ఈ జాబితాలో లేని ఒక్కరైనా అప్రూవ్ చేసి ఉండాలి.

కమిట్ మీద ఉండే పేరుని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. `git config user.email`లో ఎవరి ఈమెయిల్ పెట్టినా గిట్ కాదనదు. పుష్ చేసింది ఎవరన్నది లాగిన్ ఆధారంగా నమోదవుతుంది కాబట్టి అది నమ్మదగినది. రిపాజిటరీ యాక్టివిటీ ఏపీఐలో ప్రతి పుష్‌కీ చేసినవారి లాగిన్, ముందూ వెనకా కమిట్లు దొరుకుతాయి.

ఇక ఒకే మనిషికి రెండు లాగిన్లు ఉండొచ్చు. ఒకటి మామూలుది, ఒకటి ఆటోమేషన్ కోసం తీసుకున్నది. అందుకే ప్రతి లాగిన్‌నీ ఉద్యోగి నంబరుతో జతచేసే పట్టిక ఉండాలి. పోలిక ఉద్యోగి నంబర్ల మధ్య జరగాలి. ఏ ఉద్యోగికీ జత కుదరని లాగిన్ అప్రూవ్ చేస్తే ఆ అప్రూవల్ చెల్లదు. పట్టికను హెచ్‌ఆర్ రికార్డుల నుంచి తెచ్చుకోవాలి, డెవలపర్లు తమంతట తాము నింపేదిగా ఉండకూడదు.

రాత్రి రెండింటికి

మినహాయింపులు లేని నియమం ఏ బ్యాంకులోనూ నిలవదు. రాత్రి రెండింటికి చెల్లింపులు ఆగిపోతే, లేచి ఉన్నది ఒక్క ఇంజనీరే అయితే, వారు ఒక్కరే సరిచేయాల్సి రావచ్చు. దీన్ని ఒప్పుకోవడమే మంచిది. ఒప్పుకోకపోతే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు, పక్కవారి పాస్‌వర్డు అడుగుతారు. అది ఇంకా ప్రమాదం. ఒప్పుకున్నాక మూడు సంగతులు రికార్డులో ఉండాలి: ఏ సంఘటన వల్ల జరిగిందో దాని టికెట్ నంబరు, తర్వాతి పని దినంలోగా వేరొకరు ఆ మార్పుని పూర్తిగా చదివినట్టు ఆధారం, ఆ చదవడంలో ఏం తేలిందన్నది.

నియమాన్ని దాటి మెర్జ్ చేసినప్పుడు గిట్‌హబ్ ఆడిట్ లాగ్‌లో `protected_branch.policy_override` అనే ఈవెంట్ పడుతుంది. పర్యవేక్షణ ఈ ఈవెంట్లనూ మినహాయింపు రికార్డులనూ ఎదురెదురు పెట్టి చూడాలి. ఈవెంట్ ఉండి రికార్డు లేకపోతే అది ఉల్లంఘన. పది నిమిషాలు సెట్టింగ్ తీసేసి మళ్లీ పెట్టడం లాంటివి కూడా ఈ లాగ్‌లోనే దొరుకుతాయి. రోజుకోసారి సెట్టింగ్ ఎలా ఉందో చూస్తే దొరకవు.

ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటుంది. ఆడిట్ లాగ్‌లో ఈవెంట్లు 180 రోజులే ఉంటాయి. గిట్ పుష్, క్లోన్ లాంటివి ఏడు రోజులే. ఏప్రిల్‌లో జరిగినదాన్ని తర్వాతి మార్చిలో ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. రోజూ ఆ లాగ్‌ని లాగి, డెవలపర్లు చెరపలేని వేరే చోట దాచాలి. పర్యవేక్షణ స్క్రిప్టు ఉండే రిపాజిటరీకీ ఇద్దరి నియమం వర్తించాలి, దాని అడ్మిన్లు పేమెంట్స్ టీమువారు కాకూడదు. లేకపోతే తనిఖీ చేసేదాన్నే మార్చేసే దారి తెరిచినట్టవుతుంది.

ఇంత చేసినా ఒకటి తెలియదు. రెండో మనిషి నిజంగా చదివారా? తొమ్మిది వందల లైన్ల మార్పుకి నలభై సెకన్లలో అప్రూవల్ వస్తే చదవలేదని ఊహించొచ్చు. కానీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని గంటసేపు చూసి, చివర్లో బటన్ నొక్కి ఉండొచ్చు కూడా. ఇద్దరు ఎప్పుడూ ఒకరినొకరే అప్రూవ్ చేసుకుంటున్నారంటే అది అలవాటు కావచ్చు, ఆ మాడ్యూల్ తెలిసింది వారిద్దరికే కావచ్చు. ఇలాంటివాటిని ఉల్లంఘనలుగా రాయడం సరికాదు. టీమ్ లీడ్ వెళ్లి అడగడానికి మాత్రమే అవి పనికొస్తాయి. ఈ అంకెల మీద టార్గెట్ పెడితే, అప్రూవల్ నొక్కేముందు పది నిమిషాలు ఊరికే ఆగే అలవాటు వస్తుంది.

మెర్జ్ తర్వాత ఒక మెట్టు

నైట్ క్యాపిటల్ అప్పట్లో అమెరికాలో పెద్ద బ్రోకరేజీ సంస్థ. 2012 జులై చివర్లో కొత్త ట్రేడింగ్ కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా టెక్నీషియన్ ఒకదాన్ని వదిలేశారు. ఆగస్టు 1 ఉదయం ఆ ఎనిమిదో సర్వర్‌లో ఉన్న పాత కోడ్ నిద్రలేచింది. సుమారు 45 నిమిషాల్లో 212 ఆర్డర్లకు నలభై లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో, సర్వర్లలో కోడ్ పెట్టిన పనిని రెండో టెక్నీషియన్ సరిచూడలేదని, అలా చూడాలన్న రాతపూర్వక పద్ధతి కూడా సంస్థలో లేదని రాసింది.

మెర్జ్ దగ్గర ఎంత గట్టి నియమం ఉన్నా ఆ ఎనిమిదో సర్వర్‌ని పట్టుకోలేదు. అందుకే కమిట్ల లెక్కని ఇంకొక్క అడుగు ముందుకు జరపాలి. ఇప్పుడు సర్వర్లలో నడుస్తున్న ప్రతి ఇమేజ్ ఏ కమిట్ నుంచి తయారైందో చూడాలి. ఆ కమిట్ మెయిన్‌లో ఉందా, పాస్ అయిన జాబితాలో ఉందా అని చూడాలి. ఏ కమిట్‌కీ జత కుదరని ఇమేజ్ నడుస్తుంటే, నేరుగా వచ్చిన కమిట్‌కి ఇచ్చినంత ప్రాధాన్యమే దానికీ ఇవ్వాలి.

ఇదే తనిఖీని రిలీజ్‌కి ముందు కూడా నడిపితే లాభం ఎక్కువ. మెర్జ్ తర్వాత, రిలీజ్‌కి ముందు మధ్యలో కొన్ని గంటలుంటాయి. 412 మెర్జ్ అయింది మధ్యాహ్నం 2:52కి, రిలీజ్ సాయంత్రం ఆరింటికి. లెక్క రాత్రి పన్నెండుకి నడిస్తే, అప్పటికి ఆరు గంటల పాటు, అంటే పన్నెండు బ్యాచ్‌లు ఆ కోడ్‌తోనే వెళ్లి ఉంటాయి. రిలీజ్ గేటు దగ్గరే నడిస్తే ఆరింటికి అది ఆగుతుంది. ఆగిన కారణంగా స్క్రీన్ మీద రెండు కమిట్ నంబర్లు, ఆ ఒక్క లైను తేడా, `dev-b` పేరు కనపడతాయి. `dev-b` మళ్లీ అరవై లైన్లు చదవక్కర్లేదు, ఆ ఒక్క లైను చూస్తే చాలు. తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టి, టెస్టుని సరిచేసే కొత్త పుల్ రిక్వెస్ట్ 413 తెరుచుకుంటుంది. రికార్డులో 412 ఎదురుగా "అప్రూవల్ తర్వాత కోడ్ మారింది, రిలీజ్‌కి ముందు ఆగింది" అని పడుతుంది. ఆ సాయంత్రం రిలీజ్ 413 అప్రూవ్ అయ్యాకే వెళ్తుంది.